గొడవలో ‘నువ్వు’ బదులు ‘నేను’ అంటే సరిపోదు... ‘నాకు’ అనాలి!

గురువారం రాత్రి తొమ్మిది దాటింది. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నా. మా ఆయన హాల్లో ఫోన్ మాట్లాడుతున్నాడు. “ఆదివారమా? రండమ్మా, రండి. మేమిద్దరం ఇంట్లోనే ఉంటాం” అనడం వినిపించింది. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చి, “అమ్మా నాన్నా ఆదివారం పొద్దున్నే వస్తున్నారు” అన్నాడు సంతోషంగా.

శనివారం రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా మా టీమ్‌కి రిలీజ్ ఉంది. ఆ సంగతి తనకి వారం ముందే చెప్పాను. అది గుర్తొచ్చి నా నోట్లోంచి వచ్చిన మాటలివి: “నువ్వెప్పుడూ ఇంతే. నన్నొక్క మాట అడగాలని కూడా తోచదా? నేనేమైనా ఇక్కడ హోటల్ నడుపుతున్నానా?”

తను ఒక్క క్షణం ఆగాడు. “మా అమ్మానాన్న రావడం నీకిష్టం లేదు. అది చెప్పు ముందు” అన్నాడు.

ఇక చూస్కోండి. గంటన్నర నడిచింది. పెళ్ళిలో ఎవరి చుట్టాలకి ఏసీ గదులిచ్చారు, మా అమ్మ పోయిన సంక్రాంతికి వచ్చి ఎన్ని రోజులుంది, పుట్టినరోజుకి ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యలేదు... అన్నీ వచ్చాయి. నా రిలీజ్ మాట, నా నిద్ర మాట మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. అసలు అత్తయ్య, మామయ్య రావడం నాకిష్టం లేదా అంటే, అదీ కాదు. ఖమ్మం నుంచి అత్తయ్య తెచ్చే గోంగూర పచ్చడి కోసం ఎదురుచూసేదాన్ని నేనే.

మరి గొడవ అటెందుకు పోయింది? మర్నాడు ఆఫీసుకి క్యాబ్‌లో వెళ్తూ నేనన్న మూడు వాక్యాలూ మళ్ళీ మనసులో అనుకుని చూశాను. మొదటిది తన స్వభావం మీద తీర్పు. రెండోది ప్రశ్నలా ఉంది గానీ జవాబు కోసం అడిగింది కాదు. మూడోది ఎత్తిపొడుపు. నాకేమైంది, నాకేం కావాలి అన్నది మూడింట్లో ఎక్కడా లేదు. కాబట్టి తనే ఊహించుకున్నాడు. తప్పుగా ఊహించుకున్నాడు.

మొదటి మూడు నిమిషాలు

ఇది మా ఇంటి సంగతే కాదు. జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ జంటల్ని కూర్చోబెట్టి, వాళ్ళ మధ్య నలుగుతున్న ఏదో ఒక విషయం గురించి మాట్లాడుకోమని వీడియో తీసేవాడు. 1999లో తను, సిబిల్ కరేర్ కలిసి రాసిన ఒక పరిశోధన పత్రంలో 124 కొత్త జంటల కథ ఉంది. ఒక్కో జంట పావుగంట మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఎవరు కలిసున్నారు, ఎవరు విడిపోయారు అని చూశారు. తేడా మొదటి 3 నిమిషాల్లోనే కనిపించింది. తర్వాత విడిపోయిన జంటల్లో మాటలు మొదలవడమే ఘాటుగా మొదలయ్యాయి. ఘాటుగా మొదలెట్టడమే విడాకులకి కారణం అని దీనికి అర్థం కాదు. అప్పటికే చెడిపోయిన చోట మాట కూడా అలాగే మొదలవుతుండొచ్చు. కానీ గొడవ ఏ సుతిలో మొదలైతే చాలాసార్లు అదే సుతిలో నడుస్తుందన్నది మాత్రం, మా గురువారం రాత్రిని బట్టి చూసినా, ఒప్పుకోవాల్సిందే.

మరి ఎలా మొదలెట్టాలి? దీనికి పాత జవాబొకటి ఉంది. థామస్ గోర్డన్ అనే ఇంకో అమెరికన్ సైకాలజిస్ట్ 1960ల్లో తల్లిదండ్రులకి క్లాసులు చెప్పేవాడు. పిల్లల్ని “నువ్వు మొండివాడివి, నీకు బుద్ధి లేదు” అనే బదులు, వాళ్ళు చేసిన పనేంటి, దానివల్ల తమకి కలిగిన ఫీలింగ్ ఏంటి, తమకి పడిన ఇబ్బందేంటి... ఈ మూడూ చెప్పమనేవాడు. దీనికి ‘ఐ మెసేజ్’ అని పేరు పెట్టాడు. పిల్లల కోసం పుట్టిన ఈ పద్ధతే తర్వాత మొగుడూపెళ్ళాల కౌన్సెలింగ్‌లోకి వచ్చింది. ఇప్పుడు రీల్స్‌లో ‘యూ అని మొదలెట్టొద్దు, ఐ అని మొదలెట్టండి’ అని చెప్తున్నది దీన్నే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ సలహాని మనం తెలుగులోకి మార్చుకునేటప్పుడు పొరపాటు చేస్తున్నాం.

‘నేను’ అంటే బాకీల లెక్క

తెలుగులో గొడవ మధ్యలో ‘నేను’ అని మొదలయ్యే వాక్యాలు గుర్తు చేసుకోండి. “నేను ఈ ఇంటి కోసం ఎంత చేస్తున్నానో నీకేం తెలుసు?” “నేను కాబట్టి సరిపోయింది.” “నేనే ఎందుకు సర్దుకుపోవాలి?” అన్నీ ‘నేను’తోనే మొదలయ్యాయి. ఒక్కదాంట్లోనూ ఫీలింగ్ లేదు. అన్నీ అవతలి మనిషి బాకీ ఉన్నాడని చెప్పే లెక్కలే.

మన భాషలో ఫీలింగ్ ఉండే చోటు వేరు. నాకు కోపమొచ్చింది. నాకు భయమేసింది. నాకు బాధేసింది. నాకు దిగులుగా ఉంది. నాకు కంగారుగా ఉంది. గమనించారా? ‘నేను’ కాదు, ‘నాకు’. వచ్చింది కోపం. వేసింది భయం. జ్వరం వచ్చినట్టే కోపమూ వచ్చింది. ఈ వాక్యంలో ‘నువ్వు’ అనే మాటకి అసలు చోటే లేదు. దాన్ని దూర్చాలంటే వాక్యాన్నే మార్చాలి: “నువ్వు నాకు కోపం తెప్పించావ్”, “నువ్వు నన్ను బాధపెట్టావ్”. ఇంగ్లిష్ వాళ్ళు క్లాసులకెళ్ళి నేర్చుకుంటున్న నిర్మాణం మనకి అమ్మ ఒళ్ళోనే వచ్చేసింది. చిన్నప్పుడు “అమ్మా, నాకు భయమేస్తోంది” అన్నవాళ్ళమే కదా అందరం. పెద్దయ్యాక ఎక్కడ పోగొట్టుకున్నామో!

సరే, శుక్రవారం ఇవన్నీ ఆలోచించుకుని రాత్రికి రెండో ప్రయత్నం చేశాను. అది కూడా పల్టీ కొట్టింది. ఎందుకు కొట్టిందో చెప్తాను. ఎందుకంటే ఈ పద్ధతి ప్రయత్నించిన చాలామంది జారిపడేది ఇక్కడే.

నేనన్న మాట ఇది: “నాకేమనిపిస్తోందంటే... నువ్వు నన్ను పనిమనిషిలా చూస్తున్నావనిపిస్తోంది.”

ఎంత మెల్లగా అన్నానో! గొంతు కూడా పెంచలేదు. ‘నాకు’ అనే మొదలెట్టాను. తన మొహం మాత్రం మాడిపోయింది. “నేనెప్పుడు అలా చూశాను? చెప్పు, ఒక్కసారి చెప్పు” అన్నాడు. మళ్ళీ కోర్టు మొదలైంది.

తప్పెక్కడ జరిగిందంటే, ఆ వాక్యంలోంచి ‘అనిపిస్తోంది’ తీసేసి చూడండి. మిగిలేది “నువ్వు నన్ను పనిమనిషిలా చూస్తున్నావ్”. అది తన మీద ఆరోపణ. నా ఫీలింగ్ కాదు. ఆరోపణకి ‘అనిపిస్తోంది’ అని తోక తగిలించినంత మాత్రాన ఫీలింగ్ అయిపోదు. మార్షల్ రోజెన్‌బర్గ్ అనే సైకాలజిస్ట్ ఈ తేడాని చాలా గట్టిగా పట్టుకున్నాడు. ‘నన్ను నిర్లక్ష్యం చేశారు’, ‘నన్ను వాడుకున్నారు’, ‘నన్ను చులకన చేశారు’ లాంటివి ఫీలింగ్స్‌లా వినిపిస్తాయి గానీ, నిజానికి అవి అవతలి మనిషి ఏం చేశాడో మనం ఇచ్చిన తీర్పులు అంటాడు. అలాంటి మాటల్లో చేసినవాడు ఒకడు కచ్చితంగా ఉంటాడు. దిగులుకి, అలసటకి అలా చేసినవాడు అక్కర్లేదు.

తెలుగులో దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ‘అని అనిపిస్తోంది’ అని వస్తే ఆగి, ఆ ‘అని’కి ముందున్నది మాత్రమే చదవండి. అందులో ‘నువ్వు’ ఉంటే మీరు ఇంకా ఫీలింగ్ దాకా రాలేదు. అప్పుడు మిమ్మల్ని మీరే ఇంకో ప్రశ్న అడగండి: ‘సరే, అలా అనిపించినప్పుడు నాకేమైంది?’ చిన్నతనం అనిపించిందా, ఏడుపొచ్చిందా, భయమేసిందా? ఆ జవాబే చెప్పాల్సిన మాట. “నువ్వు నన్ను మర్చిపోయావేమో అని భయమేసింది” అంటే ఫర్వాలేదు. అక్కడ ‘ఏమో’ ఉంది కాబట్టి మీ ఊహ ఊహలాగే కనపడుతోంది. చివర్లో నిజంగా ఒక భయం ఉంది.

కోపం కింద ఏముంది?

శుక్రవారం రాత్రి కూడా గొడవై, ఇద్దరం చెరో గదిలో ఉన్నప్పుడు ఆ ప్రశ్నే వేసుకున్నాను. నాకేమైంది? మొదట వచ్చిన జవాబు ‘కోపం’. అది అబద్ధం కాదు. కానీ కోపం చాలాసార్లు పైన కనపడేది. కింద ఇంకోటి ఉంటుంది.

ఆదివారం పొద్దున్న ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. నాలుగింటికి పడుకుంటాను. అత్తయ్య వాళ్ళు ఎనిమిదికల్లా వచ్చేస్తారు. నేను లేచి టీ పెట్టాలి. లేవకపోతే? పదింటికి జుట్టు ముడేసుకుంటూ బయటికొస్తే హాల్లో ఇద్దరూ కూర్చుని ఉంటారు. అత్తయ్య ఏమీ అనదు. ఆమె మంచిదే. కానీ ‘కోడలు పదింటిదాకా పడుకుంది’ అని మనసులో అనుకుంటుందేమో. అదీ సంగతి. కోపం కాదు, సిగ్గు. చిన్నబోతానేమోనన్న భయం. దాని కింద శుద్ధ అలసట.

మా ఆయనకి ఇదంతా ఎలా తెలుస్తుంది? తన బుర్రలో అలాంటి సీనే లేదు. తను పదింటికి లేస్తే వాళ్ళమ్మ “పాపం అలిసిపోయాడు” అంటుంది. ఒకే ఆదివారం, ఒకే హాలు. మా ఇద్దరికీ వేర్వేరు సినిమాలు.

అందుకే కోపం దగ్గరే ఆగిపోయి “నాకు కోపంగా ఉంది” అని చెప్తే సగం పనే అవుతుంది. విన్నవాడికి అది తన మీదికి వస్తున్న కోపం లాగే ఉంటుంది. “నాకు సిగ్గేస్తుంది” అన్నప్పుడు ఎవరూ గొడ్డలి తియ్యరు. కాకపోతే అది చెప్పడం కష్టం. కోపం చూపిస్తే మనం పైన ఉన్నట్టు ఉంటుంది. భయం చెప్తే మనం కింద ఉన్నట్టు ఉంటుంది. మా ఆయన వైపు నుంచి చూస్తే ఇది ఇంకా కష్టం. “మగాడివి, భయమేంట్రా” అని వింటూ పెరిగినవాడు “నాకు భయమేసింది” అనడానికి బదులు “నీకు ఇష్టం లేదని చెప్పు” అనే అంటాడు.

కెమెరాకి ఏం కనపడింది?

శనివారం మధ్యాహ్నం మూడోసారి మాట్లాడాను. ఈసారి ముందు కాగితం మీద రాసుకున్నా. నవ్వకండి, రిలీజ్‌కి చెక్‌లిస్ట్ రాసుకునేదాన్ని దీనికి రాసుకోకూడదా?

మొదటి వాక్యం, ఏం జరిగిందో అది. ఇక్కడ నాకు నేను పెట్టుకున్న రూలు ఒకటే. హాల్లో ఒక సీసీ కెమెరా ఉంటే అందులో పడేదే చెప్పాలి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ ఏ కెమెరాలోనూ పడదు. ‘ఎప్పుడూ’, ‘అసలు’, ‘ఒక్కసారైనా’ అని మీరు అనగానే అవతలి మనిషి చేసే మొదటి పని, అలా జరగని ఒక్క రోజుని వెతకడం. దొరుకుతుంది కూడా. ఇక గొడవ ఆ రోజు మీదికి వెళ్ళిపోతుంది. అందుకే “గురువారం రాత్రి అత్తయ్యతో ఫోన్లో ‘ఆదివారం రండి’ అన్నావు. ఫోన్ పెట్టేశాక నాకు చెప్పావు” అని రాసుకున్నాను. ఇందులో తను కాదనడానికి ఏమీ లేదు.

మా ఉద్యోగంలో ఇది రోజూ చేసేదే. బగ్ రిపోర్ట్‌లో ‘నీ కోడ్ చెత్త’ అని ఎవరూ రాయరు. ఏం నొక్కితే ఏమైంది, ఏం కావాల్సింది అని రాస్తారు. ఒక ఫైల్లో ఏ లైన్ ఎవరు రాశారో చూపించే `git blame` అని ఒక కమాండ్ ఉంది. పేరే ‘నింద’! అది ఎవరు రాశారో చెప్తుంది, ఎందుకలా రాయాల్సి వచ్చిందో చెప్పదు. ఎనిమిది గంటలు అంత పద్ధతిగా ఉండి ఇంటికొచ్చి ఆ కమాండే కొడుతున్నాం.

రెండో వాక్యం ఫీలింగ్, అది ఎందుకొచ్చిందో. “రాత్రి నాలుగు దాకా పని ఉంది కదా, అది విన్నప్పుడు నాకు కంగారేసింది. పదింటికి లేస్తే అత్తయ్య ముందు సిగ్గుగా ఉంటుంది నాకు.”

మూడోది, నాకేం కావాలి. ఇక్కడ కాసేపు ఆగాల్సి వచ్చింది. మొదట ‘నువ్వు నన్ను అడగాలి’ అని రాశాను. అది అవసరం కాదు, అవసరం తీరడానికి ఒక దారి. నా అసలు అవసరాలు రెండు: ఆరు గంటల నిద్ర, ఇంకా మా ఇంట్లో ఏం జరగబోతోందో నాకు ముందే తెలియడం. ఇలా విడదీశాక ఒక సంగతి తెలిసింది. అత్తయ్య వాళ్ళ రాకని ఆపకుండానే ఈ రెండూ తీరొచ్చు.

నాలుగోది, తను చెయ్యగలిగిన పని. ‘నా గురించి కొంచెం ఆలోచించు’ అని రాసి కొట్టేశాను. ఎంత ఆలోచిస్తే కొంచెం అయినట్టు? ‘నన్నడక్కుండా ఒప్పుకోకు’ కూడా కొట్టేశాను. ఏం చెయ్యకూడదో చెప్పింది గానీ ఫోన్లో అమ్మ అడిగినప్పుడు నోటితో ఏమనాలో చెప్పలేదు. చివరికి మిగిలింది ఇది: “ఎవరైనా వస్తామంటే, ‘అరగంటలో చెప్తా’ అని ఫోన్ పెట్టేసి నాకొక మాట చెప్తావా?”

అయినా తను ‘కుదరదు’ అన్నాడు

అంతా చెప్పాను. ఈసారి కోర్టు మొదలవలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “నువ్వు సిగ్గుపడతావని నాకు తెలీదు. అమ్మ ఏమీ అనుకోదు” అన్నాడు. ఆ తర్వాతే, “కానీ అమ్మతో ‘అరగంటలో చెప్తా’ అని అనలేను” అన్నాడు.

ఇక్కడే నాకు మళ్ళీ కోపం రాబోయింది. ఇంత చక్కగా చెప్పినా కాదంటాడా? కానీ రోజెన్‌బర్గ్ ఇంకో మాట కూడా అంటాడు. కాదన్నప్పుడు మనం ఏం చేస్తామన్న దాన్ని బట్టే మనం అడిగింది కోరికా, ఆర్డరా అన్నది తేలుతుంది. కాదంటే శిక్ష పడుతుందంటే అది మెత్తటి మాటలు తొడుక్కున్న ఆర్డరే. కాబట్టి నాలుక కరుచుకుని, “ఎందుకనలేవు?” అనే బదులు “అలా అంటే ఏమవుతుందని?” అని అడిగాను. తెలుగులో ‘ఎందుకు’ అన్నది చాలాసార్లు ప్రశ్న కాదు, నిలదీయడం. “ఎందుకు లేటైంది?” అంటే ఎవరూ కారణం చెప్తున్నట్టు చెప్పరు, సంజాయిషీ ఇస్తున్నట్టు చెప్తారు.

తను చెప్పాడు. “కొడుకింటికి రావాలంటే కోడలి పర్మిషన్ కావాలా అని నాన్న అనుకుంటాడేమోనని నాకు భయం.” తన కోపం కింద కూడా ఒకటి ఉందన్నమాట. గురువారం నాడు “నీకిష్టం లేదు” అని అరిచింది ఈ భయమే.

2018లో వచ్చిన ఒక పరిశోధనలో షేన్ రోజర్స్, ఇంకా ఇద్దరు కలిసి, గొడవ మొదలెట్టే రకరకాల వాక్యాలు జనానికి చూపించి, ఏది వింటే ఎదురుదాడి చెయ్యాలనిపిస్తుందో మార్కులు వెయ్యమన్నారు. తన ఫీలింగ్ చెప్పుకునే వాక్యాలు నిందించే వాక్యాల కన్నా నయం అనిపించుకున్నాయి. అయితే అన్నిటికన్నా మంచి మార్కులు పడింది ‘నీకు ఇలా ఉందని అర్థమైంది, నాకు ఇలా ఉంది’ అని రెండు వైపులా చెప్పిన వాక్యాలకి. అవి ఊహించుకున్న గొడవలు, నిజంగా ఇంట్లో జరిగినవి కావు, అందుకని దాన్ని అంత మేరకే తీసుకోవాలి. అయినా శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో పనిచేసింది అదే. “మామయ్య తప్పుగా అనుకుంటారని నీకు భయంగా ఉంది. నాకేమో ముందే తెలియకపోతే కంగారు. రెండూ కుదిరే మాట ఏదైనా ఉందా?” అన్నాను.

అరగంట మాట్లాడుకున్నాక కుదిరింది. నా రిలీజ్‌లు, తన ఆన్‌కాల్ రోజులు ఇద్దరం ఒకే క్యాలెండర్‌లో పెట్టుకుంటాం. ఇంటి నుంచి ఫోనొస్తే తను “మా డ్యూటీలు ఎలా ఉన్నాయో చూసి చెప్తానమ్మా” అంటాడు. అబద్ధం కాదు, నిజంగా చూసే చెప్తాడు. పర్మిషన్ మాట రాదు. ఇక ఈ ఆదివారానికి: నేను రాత్రంతా ఆఫీసు పని చేసి పడుకుంటానని ఇప్పుడే తనే ఫోన్ చేసి చెప్తాడు. పొద్దున టీ, ఉప్మా తనే చూస్కుంటాడు.

ఇది పనిచెయ్యని చోట్లు

గురువారం రాత్రే ఈ కాగితం నా చేతిలో ఉన్నా ఉపయోగం ఉండేది కాదు. అప్పుడు గుండె దడదడలాడుతోంది. గాట్‌మన్ లెక్క ప్రకారం గొడవలో గుండె నిమిషానికి 100 సార్లకి పైగా కొట్టుకుంటుంటే మనిషి వినే స్థితిలో ఉండడు. స్మార్ట్ వాచీ ఉంటే చూస్కోండి. అప్పుడు ఆపాలి. ఒళ్ళు మామూలు అవ్వడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. ఆ 20 నిమిషాలూ ‘వచ్చాక ఇది అంటాను, అది అంటాను’ అని రిహార్సల్ వేసుకుంటే దడ తగ్గదు. బట్టలు మడతపెట్టుకోవడమో, అలా కిందికెళ్ళి రావడమో మేలు. ఇంకోటి, ఎప్పుడు మళ్ళీ మాట్లాడతారో చెప్పి వెళ్ళాలి. “పదింటికి మాట్లాడదాం” అని వెళ్తే అది విరామం. చెప్పకుండా వెళ్ళి తలుపేసుకుంటే అది అలక. అవతలి మనిషికి అదింకో గొడవ.

వాట్సాప్‌లో ఈ వాక్యాలు రాయకపోవడమే మంచిది. “నువ్వు ఇలా చేసినప్పుడు నాకు బాధేసింది” అని స్క్రీన్ మీద చదివితే హెచ్ఆర్ మెయిల్‌లా ఉంటుంది. రెండు నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే ఇంకా నరకం. ఫోన్లో “సాయంత్రం ఒక విషయం మాట్లాడాలి, పెద్దదేం కాదు” అంటే చాలు.

మాట సరిగ్గా ఉండి గొంతు వెటకారంగా ఉన్నా పనిచెయ్యదు. “నాకు బాధగా ఉంది సార్, తమరు గమనించారా?” అంటే అందులో ఫీలింగ్ ఉంది, ‘నాకు’ ఉంది, అయినా అది తిట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైన హద్దు ఒకటుంది. మీ భయం అవతలి మనిషికి చెప్తే, ఆ భయాన్నే పట్టుకుని మిమ్మల్ని ఇంకోసారి కొట్టే మనిషైతే, ఈ పద్ధతి మీ కోసం కాదు. చెయ్యెత్తడం, ఫోన్ లాక్కోవడం, జీతం లాగేసుకోవడం, బయటికి వెళ్ళనివ్వకపోవడం... ఇవి మాట్లాడే తీరు వల్ల వచ్చిన సమస్యలు కావు. మీరు వాక్యం మార్చినంత మాత్రాన ఆగవు. అక్కడ కావాల్సింది మంచి వాక్యం కాదు, మీ పక్కన నిలబడే మనిషి. మహిళల హెల్ప్‌లైన్ నంబర్ 181.

ఆదివారం

రిలీజ్ నాలుగింటికి కాదు, నాలుగూ నలభైకి అయింది. తొమ్మిది నలభైకి మెలకువ వచ్చింది. కాసేపు తలుపు వెనకే నిలబడ్డాను, అబద్ధమెందుకు. బయటికొస్తే మామయ్య పేపర్ చదువుతున్నారు. అత్తయ్య వంటింట్లో ఉంది. మా ఆయన చేసిన ఉప్మాలో ఉప్పెక్కువైందని ఇంకో గిన్నెలో రవ్వ వేయించి కలుపుతోంది. “లేచావా? రాత్రంతా పనంట కదా, ఇంకాసేపు పడుకోకపోయావా” అంది. మనసులో ఏమనుకుందో నాకిప్పటికీ తెలీదు. గోంగూర పచ్చడి మాత్రం రెండు సీసాలు తెచ్చింది.

పోయిన నెల మా బావగారు ఫోన్ చేశారు. శుక్రవారం వస్తామని. మా ఆయన అలవాటు కొద్దీ “రండన్నయ్యా, రండి” అనేశాడు. అని, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. మొహంలో ఏం కనపడిందో మరి. “అన్నయ్యా, ఒక్క నిమిషం, మా డ్యూటీలు చూసి మళ్ళీ చేస్తా” అన్నాడు. క్యాలెండర్ తెరిచి చూస్తే ఆ శుక్రవారం ఆన్‌కాల్ ఉన్నది తనకే.